నడుమ నిలిచిపోయిన నవల: దాచిన రహస్యమే కథను ఆపిన ఒక సందర్భం

నేపథ్యం

నవలా రచయితలు తొలి చిత్తుప్రతి రాస్తున్న దశలో వారి రాతప్రతిని చదివి, కథానిర్మాణం విషయంలో సలహా ఇవ్వడం నా వృత్తి. ఇక్కడ వివరిస్తున్నది ఒక రచయిత్రి మొదటి నవల సంగతి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసివేసి, నవలలోని వృత్తులను, బంధుత్వాలను కొంత మార్చాను. కథ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, తిరిగి ఎలా కదిలింది అన్న వరుసను మాత్రం మార్చలేదు.

నవల ఇతివృత్తం ఇది. ఒక సంస్థలో లెక్కలు చూసే యువతి, తండ్రి మరణించిన ఏడాదికి, ఆయన కాగితాలు సర్దుతూ ఒక అప్పు హామీ పత్రం ప్రస్తావన చూస్తుంది. ఆ పత్రం మీద తండ్రి సంతకం ఉందని, దాని తేదీ ఆయన పోయిన ఎనిమిది నెలల తరువాతదని ఆమెకు తెలుస్తుంది. ఆ సంతకం చేసిందెవరో కనిపెట్టడానికి ఆమె బయలుదేరుతుంది. చేసింది సొంత అన్నే. కుటుంబం ఉంటున్న ఇల్లు చేజారిపోకుండా కాపాడుకోవడానికి అతడు ఆ పని చేశాడు. ఈ నిజం ముప్పై అధ్యాయాల నవలలో ఇరవై ఎనిమిదో అధ్యాయంలో బయటపడాలని రచయిత్రి మొదటి నుంచీ నిర్ణయించుకున్నారు. మొత్తం అరవై వేల పదాలకు కాస్త అటూఇటూగా రాయాలన్నది ఆమె అంచనా.

ఎదురైన సమస్య

మొదటి ఎనిమిది అధ్యాయాలు ఆమె చాలా వేగంగా రాశారు. పన్నెండో అధ్యాయం దగ్గర నడక మందగించింది. పద్నాలుగో అధ్యాయంలో, దాదాపు 27 వేల పదాల దగ్గర, రచన పూర్తిగా ఆగిపోయింది. నా దగ్గరకు వచ్చేనాటికి ఆమె తనంతట తానుగా మూడు ప్రయత్నాలు చేసి ఉన్నారు. ఆ మూడూ ఈ దశలో చాలామంది చేసేవే కాబట్టి, అవి ఎందుకు పనిచేయలేదో చెప్పుకోవడం అవసరం.

మొదటిది, రోజుకు రాయవలసిన పదాల లెక్క పెంచుకోవడం. లెక్క పూర్తయ్యేది గాని కథ కదిలేది కాదు. అలా వచ్చిన పేజీలను చదివినప్పుడు నాయిక ఎక్కడికో ప్రయాణం చేయడం, కిటికీ దగ్గర నిలబడి జరిగినదాన్ని నెమరువేసుకోవడం, పాఠకుడికి ఇంతకుముందే తెలిసిన సంగతిని మరో పాత్రకు వివరించడం ఎక్కువగా కనిపించాయి. తరువాత ఏం జరగాలో చేతికి తెలియనప్పుడు రచయిత సహజంగా ఆశ్రయించే మూడు తావులు ఇవే. అందుకే చిత్తుప్రతిలో ఇవి వరుసగా కనబడితే, సమస్య ఆ పేజీల్లో లేదని, వాటికి కొంచెం ముందు ఎక్కడో ఉందని నేను అనుమానిస్తాను.

రెండోది, వెనక్కి వెళ్లి మొదటి అధ్యాయాలకు మెరుగుపెట్టడం. వాక్యాలు బాగుపడ్డాయి, పద్నాలుగో అధ్యాయం ఉన్నచోటే ఉంది. మూడోది, కొత్త సంఘటన ఒకటి చొప్పించడం. నాయిక స్నేహితురాలికి రోడ్డు ప్రమాదం జరిగినట్టు రాశారు. ప్రమాదం ఉత్కంఠగానే ఉంది, కాని స్నేహితురాలు కోలుకోగానే నాయిక సరిగ్గా ప్రమాదానికి ముందున్న స్థితిలోనే మిగిలింది. ఆమెకు తెలిసినది మారలేదు, చేయగలిగినది మారలేదు, పోగొట్టుకున్నదేమీ లేదు. కథలో ఏదో జరగడం వేరు, జరిగినదాని వల్ల పాత్ర స్థితి మారడం వేరు. నవల నడుమ భాగాన్ని నిలబెట్టేది రెండోదే.

అలసటా, నిర్మాణ దోషమా

ఇలాంటి సందర్భంలో నేను ముందు తేల్చుకోవాలనుకునేది ఒకటే: ఆగిపోయింది రచయితా, కథా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ మనిషి రాతబల్ల ముందు కూర్చుని ఏమీ రాయలేకపోతారు. చేయవలసినది మాత్రం పూర్తిగా వేరు. అలసటే అయితే విరామం చాలు. కథలో దోషం ఉంటే ఎంత విరామం తీసుకున్నా తిరిగి వచ్చేది అదే గోడ ముందుకు.

దీన్ని తేల్చడానికి, నవలలో మున్ముందు రాబోయే సన్నివేశాల్లో తాను అన్నిటికన్నా ఎక్కువగా రాయాలనుకుంటున్నదాన్ని ఎంచుకుని, దాని ముందువెనుకలతో నిమిత్తం లేకుండా ఇప్పుడే రాయమన్నాను. పూర్తిగా అలసిపోయిన రచయితకు అదీ సాగదు. సాగిందంటే, శక్తి ఉందని, అది నడుస్తున్న చోట దారి లేక ఆగిందని అర్థం. ఆమె అన్నాచెల్లెళ్లు ముఖాముఖి నిలబడే ఇరవై ఎనిమిదో అధ్యాయాన్ని ఎంచుకుని, రెండు రోజుల్లో దాదాపు రెండు వేల పదాలు రాసి పంపారు. సన్నివేశం బలంగా ఉంది. కాబట్టి దోషం నిర్మాణంలోనే ఉందని నిర్ధారించుకున్నాం.

ఆ సన్నివేశంలో అన్న అనే ఒక మాట తరువాత మా పని మొత్తానికీ ఆధారమైంది. చెల్లెలు నిలదీసినప్పుడు అతడు, “నువ్వు ఆ ఆఫీసుకెళ్లి పాత ఫైలు అడిగిన రోజే నాకు తెలిసిపోయిందమ్మా” అంటాడు. ఆమె ఆ ఆఫీసుకు వెళ్లేది పదో అధ్యాయంలో. అంటే పదో అధ్యాయం నుంచి ఇరవై ఎనిమిదో అధ్యాయం దాకా అతడికి అంతా తెలుసు. ఆ పద్దెనిమిది అధ్యాయాల్లో అతడు ఏం చేశాడన్న ప్రశ్నకు చిత్తుప్రతిలో జవాబు లేదు.

సన్నివేశాల పట్టిక

ఆ ప్రశ్నను అప్పటికి అలాగే ఉంచి, అంతవరకు రాసిన సన్నివేశాలన్నిటికీ ఒక పట్టిక తయారుచేయమన్నాను. ప్రతి సన్నివేశానికి ఒక వరుస. అందులో మూడు విషయాలే రాయాలి: ఇక్కడ నాయిక కోరుతున్నదేమిటి, దానికి అడ్డుపడుతున్నదెవరు, సన్నివేశం ముగిసేసరికి వెనక్కి తీసుకోలేని మార్పు ఏది జరిగింది. ఇది ముందుగా వేసుకునే ప్రణాళిక కాదు. రాసేసినదాన్ని రాసినట్టుగా చూసుకోవడానికి ఉపయోగపడే పట్టిక. ఏం రాయాలనుకున్నామో కాకుండా, కాగితం మీద నిజంగా ఏముందో అదే రాయాలన్న నియమం ముఖ్యం, ఎందుకంటే రచయిత మనసులో ఉన్న ఉద్దేశం తనకు తెలియకుండానే పట్టికలోకి జొరబడుతుంది.

మొత్తం ముప్పై ఒక్క సన్నివేశాలు తేలాయి. వాటిలో చివరి పదహారింటిలో పదకొండు ఒకే రూపంలో ఉన్నాయి. నాయిక ఒకరి దగ్గరకు వెళ్తుంది, అడుగుతుంది, వారు కొంచెం సంకోచించి చెబుతారు, మరొకరి పేరు ఇస్తారు. రెండో గడిలో చాలాచోట్ల ఎవరి పేరూ లేదు. మూడో గడిలో “ఇంకొంచెం తెలిసింది” అన్న మాటే మళ్లీ మళ్లీ వచ్చింది.

అప్పుడు మరో పరీక్ష చేశాం. పక్కపక్కన ఉన్న రెండు సన్నివేశాలను తారుమారు చేస్తే ఏమవుతుందో చూశాం. పూర్వపు గుమస్తాను కలిసే సన్నివేశాన్ని, తండ్రి స్నేహితుణ్ణి కలిసే సన్నివేశాన్ని అటుదిటు చేస్తే రెండు పేర్లు, ఒక వాక్యం మార్చితే సరిపోయింది. అలా మార్చినా కథకు నష్టం లేదంటే, ఆ రెండింటి మధ్య ఉన్నది “ఆ తరువాత” అన్న సంబంధమే. “అందువల్ల” గాని, “అయితే” గాని వాటిని కలపడం లేదు. మొదటి ఎనిమిది అధ్యాయాల్లో ఏ రెండు సన్నివేశాలనూ ఇలా మార్చలేకపోయాం. రచన ఎక్కడ మందగించిందో, ఈ మార్పిడి సాధ్యమైన చోటు కూడా సరిగ్గా అక్కడే మొదలైంది.

ఫలించని ప్రణాళిక

పట్టిక చూశాక రచయిత్రికి సహజంగానే తోచిన పరిష్కారం, మిగిలిన పదహారు అధ్యాయాలకూ వివరమైన ప్రణాళిక వేసుకోవడం. ఆ ఆలోచనలో న్యాయం ఉంది. దారి తెలియక ఆగినప్పుడు దారి గీసుకోవడం సబబే. అందుకని ఆ పని కొంతకాలం చేశాం. ప్రతి అధ్యాయానికి ఒక ఆటంకం, ఒక మలుపు చొప్పున పట్టిక నిండింది. ఫైలు దొరకదు, సాక్షి మాట మారుస్తాడు, ఉద్యోగం పోయే ప్రమాదం వస్తుంది.

ఆ ప్రణాళిక ప్రకారం రాసిన రెండు అధ్యాయాల తరువాత రచన మళ్లీ ఆగింది. ఆటంకాలున్నాయి గాని, వాటిని ఎవరూ కల్పించడం లేదు. ఫైలు ఎందుకు దొరకలేదంటే, ఆ అధ్యాయంలో ఒక ఆటంకం కావాలి కాబట్టి. సాక్షి ఎందుకు మాట మార్చాడంటే, జవాబు లేదు. ఖాళీగా ఉన్న గడులను బయటి నుంచి నింపితే సన్నివేశాల సంఖ్య సరిపోతుంది, వాటి వెనుక ఒక మనిషి సంకల్పం మాత్రం ఉండదు. ఈ ప్రయత్నం వల్ల కలిగిన ప్రయోజనం ఒకటుంది. లోపించింది సంఘటనలు కావని, ఎదురు నిలిచే వ్యక్తి అని రచయిత్రికి స్వయంగా అర్థమైంది.

అన్న వైపు నుంచి కథ

ఇప్పుడు ఇరవై ఎనిమిదో అధ్యాయంలోని ఆ మాట దగ్గరకు తిరిగి వచ్చాం. తొమ్మిదో అధ్యాయం దాకా తరచుగా కనిపించిన అన్న, ఆ తరువాత దాదాపు మాయమయ్యాడు. కారణం అడిగితే రచయిత్రి వెంటనే చెప్పారు: అతడు ఎక్కువగా కనిపిస్తే పాఠకుడు పసిగట్టేస్తాడని భయం. ఈ నవల నడుమ భాగం కుంగిపోవడానికి మూలం ఇదే. చివరి రహస్యాన్ని కాపాడడానికి, నాయికను నిజంగా అడ్డుకోగల ఏకైక వ్యక్తిని కథలోంచి తప్పించారు. అతడు లేకపోయేసరికి ఆమె అడిగిన వారంతా జవాబు చెప్పేవారే అయ్యారు. జవాబులు దొరుకుతూ పోయే అన్వేషణలో ఉత్కంఠ నిలవదు.

అందుకని నవలలో చేరనవసరం లేని ఒక రాత పని ఇచ్చాను. చెల్లెలు ఫైలు అడిగిన రోజు నుంచి అన్న రోజువారీగా ఏం చేశాడో, అతడి మాటల్లోనే, రెండు మూడు పేజీల్లో రాయాలి. షరతు ఒకటే. అతడు తనను తాను దుర్మార్గుడిగా భావించకూడదు, ఇల్లు నిలబెడుతున్నానని నమ్ముతూ ఉండాలి. ఈ షరతు లేకపోతే ప్రతినాయకుడి పనులు మళ్లీ గడులు నింపే ఆటంకాలుగానే మారతాయి. తాను చేస్తున్నది సరైనదని నమ్మే మనిషికి మాత్రమే తరువాతి అడుగు దానంతట అది తోస్తుంది.

ఆ పేజీల్లో అతడు మూడు పనులు చేశాడు. ఆఫీసులో తెలిసినవారి ద్వారా ఫైలును పక్కకు తీయించాడు. చెల్లెలు పాత సంగతులు తవ్వితే ఇల్లు పోతుందని తల్లికి చెప్పాడు, దానితో అంతవరకు కూతురితో అన్నీ చెప్పుకునే తల్లి ఒక్కసారిగా మౌనం వహించింది. మూడోది రచయిత్రి ముందుగా అనుకున్నది కాదు, రాస్తుండగా వచ్చినది. అప్పు గడువు పొడిగించుకోవడానికి ఆ హామీ పత్రం మీద సాక్షి సంతకం కూడా కావలసి వచ్చినప్పుడు, ఇంటి పన్ను కాగితాల కట్టలో ఆ పత్రం చివరి పేజీని కలిపి, చెల్లెలి చేతనే సంతకం చేయించాడు. అన్న అడిగాడు కదా అని ఆమె చదవకుండా చేసేసింది.

రహస్యాన్ని నడిమికి తేవడం

ఈ మూడో సంగతి తెలిశాక నవల నడిబొడ్డున ఏం జరగాలన్నది స్పష్టమైంది. నాయిక వెదుకుతున్న పత్రం చివరికి ఆమె చేతికి వస్తుంది. అందులో తండ్రిది దొంగ సంతకం, దాని కింద సాక్షిగా తన అసలు సంతకం. ఆ కాగితం తన ముందు పెట్టిన చేయి ఎవరిదో ఆమెకు గుర్తుంది కాబట్టి, దొంగ ఎవరో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. ఇరవై ఎనిమిదో అధ్యాయం కోసం దాచిన నిజం పదిహేనో అధ్యాయంలో బయటపడుతుంది.

రచయిత్రి మొదట దీనికి ఒప్పుకోలేదు. చివరికి ఏం మిగులుతుందని అడిగారు. అది న్యాయమైన సందేహమే, అందుకే ఆ నిర్ణయం మీద ఎక్కువ సమయం గడిపాం. నేను చెప్పిన తర్కం ఇది. “ఎవరు” అన్న ప్రశ్నకు జవాబు ఒక పేరు. ఆ పేరు తెలియనంతవరకు నాయిక చేయగలిగింది వెదకడం ఒక్కటే, కాబట్టి నవల నడుమ భాగం అంతా వెదుకులాటే అవుతుంది. పేరు తెలిశాక “ఇప్పుడేం చేయాలి” అన్న ప్రశ్న వస్తుంది. బయటపెడితే అన్న జైలుకు పోతాడు, సాక్షిగా తానూ ఇరుక్కుంటుంది, ఇల్లు పోతుంది. బయటపెట్టకపోతే లెక్కలు చూసే మనిషిగా తాను నమ్మినదంతా పోతుంది. ఈ ప్రశ్న పదిహేను అధ్యాయాలను మోయగలదు, మొదటిది మోయలేకపోతున్నదని చిత్తుప్రతే చూపిస్తున్నది.

కథాగమనాన్ని ఐదు దశలుగా చూసే, మన నాటకశాస్త్రంలోని సంధుల విభాగం ఇక్కడ నాకు బాగా ఉపయోగపడింది. ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ అనే ఐదు సంధుల్లో నడిమిది గర్భసంధి. కనిపించి మరుగైపోయిన కథాబీజాన్ని మళ్లీ మళ్లీ వెదకడం దాని లక్షణమని దశరూపకం అనే సంస్కృత నాటకలక్షణ గ్రంథం చెబుతుంది. దొరకడం, చేజారడం, మళ్లీ వెదకడం: ఈ మూడూ ఉండాలి. మన రచయిత్రి చిత్తుప్రతిలో వెదకడం ఒక్కటే ఉంది. దొరికినది లేదు కాబట్టి చేజారేదీ లేదు. పత్రం నాయిక చేతికి రావడం, అదే పత్రం ఆమెను బంధించడం వల్ల గెలుపు చేజారడం అనే ఏర్పాటుతో ఆ లోటు తీరింది. ఈ పోలిక చూపించాక ఆమె మార్పుకు ఒప్పుకున్నారు.

వెనక్కి వెళ్లకుండా ముందుకు

మార్పు నిర్ణయమైన వెంటనే మరో ప్రమాదం ఎదురవుతుంది. సంతకం చేసే సన్నివేశం పదకొండో అధ్యాయంలో ఉండాలి, అన్న పది నుంచి పద్నాలుగు దాకా కనిపిస్తూ ఉండాలి, తల్లి మౌనం పన్నెండులో మొదలవ్వాలి. ఇవన్నీ సరిచేయడానికి వెనక్కి వెళ్లాలని ఏ రచయితకైనా అనిపిస్తుంది. వెళ్లవద్దని గట్టిగా చెప్పాను. కొత్త నిర్ణయం ఎంతవరకు నిలుస్తుందో ముందుకు రాస్తే తప్ప తెలియదు. ఇప్పుడే వెనుక అధ్యాయాలు తిరగరాస్తే, తరువాత కథ మరో వైపు తిరిగినప్పుడు వాటిని ఇంకోసారి తిరగరాయాలి.

దానికి బదులు, మార్పు రావలసిన చోట చదరపు కుండలీకరణాల్లో ఒక్క వాక్యం రాసి వదిలేయమన్నాను. ఉదాహరణకు పదకొండో అధ్యాయంలో ఇలా ఉంది: [ఇక్కడ అన్న పన్ను కాగితాలు తెస్తాడు, తొందరపెడతాడు, ఆమె చదవకుండా సంతకం చేస్తుంది.] ఆ సన్నివేశం ఇప్పటికే ఉందన్నట్టుగా భావించి పదిహేనో అధ్యాయం మొదలుపెట్టాలి. ఈ పద్ధతి ఎంత అవసరమో తరువాత తెలిసింది. తల్లికి ఈ విషయం మొదటి నుంచీ తెలుసన్న సంగతి ఇరవై రెండో అధ్యాయం రాస్తుండగా బయటపడింది. దానితో ఆమె మౌనానికి వేరే కారణం వచ్చి, పన్నెండో అధ్యాయంలో పెట్టిన గుర్తును మార్చవలసి వచ్చింది. ఒక వాక్యం మార్చడంతో పని అయిపోయింది.

ముందుకు రాయడానికి మొత్తం ప్రణాళిక వేసుకోలేదు. రెండు మూడు సన్నివేశాలకు మించి ముందు చూడకుండా, ప్రతి సన్నివేశం చివర “అందువల్ల” లేదా “అయితే” అని మొదలయ్యే ఒక వాక్యం రాసుకుని ఆ పూట పని ఆపేవారు. పత్రం దొరికింది, అందువల్ల ఆమె దాన్ని అధికారులకు ఇవ్వకుండా ఇంట్లో దాచింది. అయితే ఫైలులో పత్రం లేదని అన్నకు కబురు అందింది. అందువల్ల అతడు ఏమీ ఎరగనట్టు చెల్లెలి గదిలో వెదికాడు. అయితే అతడికి పత్రం దొరకలేదు, తండ్రి సంతకాన్ని సరిపోల్చడానికి ఆమె పక్కన పెట్టుకున్న పాత ఉత్తరాలు దొరికాయి. చెల్లెలికి తన సంగతి తెలిసిపోయిందని అతడికీ అర్థమైంది. ఇక్కడి నుంచి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒకరి ముందు ఒకరు నటిస్తున్నారు. ఈ నటన సాగే ఆరు అధ్యాయాలను ఆమె మొదటి ఎనిమిదింటి వేగంతో రాశారు.

ఇరవై నాలుగో అధ్యాయం దగ్గర నడక ఇంకోసారి తగ్గింది. అప్పటికి ఆమెకు పట్టిక పద్ధతి అలవాటైంది కాబట్టి కారణం తానే కనిపెట్టారు. నాయిక చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడే సన్నివేశాలు రెండు ఉన్నాయి, రెండో దాని చివర మొదటి దాని చివరికి భిన్నంగా ఏమీ లేదు. రెంటినీ ఒకటి చేయగానే దారి దొరికింది.

తొలి చిత్తుప్రతి 58 వేల పదాల దగ్గర ముగిసింది. పదకొండు విచారణ సన్నివేశాల్లో నాలుగు మిగిలాయి. మిగిలినవి విడిగా ఒక ఫైలులో దాచారు, రెండో ప్రతిలో వాటిలోని కొన్ని సంభాషణలు వేరే చోట్ల ఉపయోగపడ్డాయి. రోడ్డు ప్రమాదం పూర్తిగా పోయింది. చివరి అధ్యాయాలు ఖాళీ అవుతాయన్న భయం నిజం కాలేదు. తండ్రి చనిపోయే ముందు ఆ సంతకం చేయమని కొడుకును స్వయంగా అడిగాడన్న నిజం ఇరవై ఎనిమిదో అధ్యాయానికి దక్కింది. ఆ నిజం రచయిత్రికి తల్లి పాత్ర ద్వారా, నడుమ భాగం రాస్తుండగానే దొరికింది.

ఈ సందర్భం నేర్పినది, దాని పరిధి

రాతప్రతి నడుమ ఆగినప్పుడు నేనిప్పుడు ముందుగా చూసేది, కథలో ఎవరు చాలాకాలంగా కనబడలేదన్నది. రచయిత ఏదో దాస్తూ ఉంటే, దాచినదానితో పాటు దానికి సంబంధించిన మనిషీ మాయమవుతాడు, అతడి వెంట ఘర్షణ కూడా పోతుంది. ఆ మనిషి వైపు నుంచి రెండు పేజీలు రాయించడం, పదహారు అధ్యాయాల ప్రణాళిక కన్నా తక్కువ శ్రమతో ఎక్కువ కథను ఇస్తుంది.

అయితే సన్నివేశాలను తారుమారు చేసే పరీక్షను అన్ని నవలలకూ వర్తింపజేయకూడదు. జ్ఞాపకాల క్రమంలో సాగే నవలలో, లేదా విడివిడి ఘట్టాలుగా అల్లిన నవలలో, సన్నివేశాలు కార్యకారణాలతో ముడిపడి ఉండవు. అక్కడ ఈ పరీక్ష లేని దోషాన్ని చూపిస్తుంది. అలాంటి రచనలో ప్రతి ఘట్టం చివర పాఠకుడు అంతకుముందు ఘట్టాన్ని కొత్తగా అర్థం చేసుకుంటున్నాడా అని చూడాలి.

అలాగే, దాచిన రహస్యాన్ని నడిమికి తేవడం నేరపరిశోధన నవలకు పనికిరాదు. దోషి ఎవరన్నది చివరిదాకా తెలియకపోవడమే అక్కడ పాఠకుడికి ఇచ్చిన మాట. అటువంటి నవల నడుమ కుంగినప్పుడు మొదటి అధ్యాయాల నుంచి అందరూ నమ్ముతూ వచ్చిన ఒక తప్పుడు సమాధానాన్ని సగం దగ్గరే కూల్చివేయమని నేను చెబుతాను. అనుమానితుడు నిర్దోషి అని తేలడం వల్ల పరిశోధకుడు తాను అప్పటికే తీసుకున్న చర్యకు బాధ్యత వహించవలసి వస్తే, మన నాయిక చేతికి పత్రం వచ్చినప్పుడు జరిగినదే అక్కడా జరుగుతుంది.